మొదటి మూడు సెకన్లు మాట్లాడకండి: బిద్రీ వీడియోలు తీసేవాళ్లకు తలకిందుల చిట్కాలు

పూర్తయిన కూజాను మొదటి ఫ్రేములో చూపించకండి. నల్లటి ఒంటి మీద వెండి తీగలు మెరిసే ఆ రూపాన్ని వీలైనంత వెనక్కి నెట్టండి. ఊరి పేరు చెప్పకండి, మీ పేరు అసలే చెప్పకండి. మొదటి మూడు సెకన్లు నోరు తెరవకండి. గదిలో వెలుతురు పెంచకండి, తగ్గించండి. చూసేవాళ్లలో కొందరు వేలితో పైకి తోసేసి వెళ్లిపోతుంటే వెళ్లనివ్వండి.

షార్ట్స్, రీల్స్ ఎలా తీయాలో నేర్పేవాళ్లు సాధారణంగా దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు. అందమైనది ముందు పెట్టమంటారు, మొదటి మాటతోనే కట్టిపడేయమంటారు, వెలుతురు బాగా పెట్టమంటారు, ఒక్కరు కూడా జారిపోకూడదంటారు. నేను ఈ చిట్కాలు రాస్తున్నది మా బీదర్‌లో చౌబారా చుట్టుపక్కల, సిద్దిఖ్ తాలీం వీధిలో, బిద్రీ పనివాళ్ల ముందు ఫోను పట్టుకుని కూర్చునే పిల్లల కోసం. ఆ పనికి మామూలు సలహాలు సరిపడవు. ఎందుకు సరిపడవో పని గురించి కొంచెం తెలిస్తేనే అర్థమవుతుంది, కాబట్టి ముందు పని సంగతి.

బిద్రీ వస్తువులో ఎక్కువ భాగం జింకు. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి అని సాధారణంగా చెప్పే లెక్క. కరిగించిన లోహాన్ని ఇసుక అచ్చులో పోసి, చల్లారాక ఆకురాయితో నున్నగా చేస్తారు. అప్పటికి అది తెల్లటి బూడిద రంగులో ఉంటుంది. దాని మీద గీత గీస్తే కంటికి ఆనదు కాబట్టి మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద మొనదేలిన ఉక్కు సూదితో పువ్వులు, తీగలు చేత్తోనే గీసి, చిన్న ఉలితో తవ్వి, ఆ గాట్లలో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చుతారు. తీగతో చేసే ఈ పనిని తార్‌కషీ అంటారు. తర్వాత మళ్లీ రుద్దితే ఆ తాత్కాలిక నలుపంతా పోతుంది. ఇప్పుడు వెండీ, జింకూ దాదాపు ఒకే రంగు. ఎన్నో రోజులు కూర్చుని చెక్కిన తీగలు కళ్లముందే ఉన్నా సరిగ్గా కనబడవు. అన్నిటికన్నా చివర, బీదర్ కోట లోపలి పాత మట్టిని నవాసాగరంతో కలిపి నీళ్లలో వేడిచేసి, ఆ మిశ్రమాన్ని వస్తువుకు పట్టిస్తారు. జింకు నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. కడిగి తుడిచి నూనె రాస్తే మనం అంగట్లో చూసే బిద్రీ బయటపడుతుంది.

ఈ పని అంతా ఒక ఆలస్యం మీద నిలబడి ఉంది. అందం చివరి ఘడియదాకా దాగి ఉంటుంది. మొదటి ఫ్రేములోనే మెరిసే కూజా పెడితే, పనివాడు దాచిపెట్టినదాన్ని మీరు ముందే బయటపెట్టేసినట్టు. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఫోను తెరలో అరచేతి వెడల్పున కనబడే నల్లకూజా, చూసేవాడి కంటికి ఏ అమ్మకాల పేజీలోనో ఉండే వస్తువు ఫొటోలాగే ఉంటుంది. అది పూర్తయిపోయిన వస్తువు. అందులో జరగాల్సినది ఏమీ మిగల్లేదు. చూడగానే అర్థమైంది, వేలు కదిలింది. వంటల వీడియోలో పూర్తయిన బిర్యానీ ముందు పెడితే నిలబడతారు, ఎందుకంటే దాని రుచి అందరికీ తెలుసు, ఆకలి పుడుతుంది. బిద్రీ ఏమిటో తెలియని మనిషికి పూర్తయిన బిద్రీ మీద ఆకలి ఎక్కడిది?

మరి ఏం పెట్టాలి? మట్టి పెట్టండి.

పనివాళ్లు కోట మట్టిని తెచ్చుకున్నప్పుడు అది పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని చూస్తారు. మట్టిలో ఉండే లవణాల తేడాను నాలుక పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి చేసినవాళ్లకు అది ఒక్క క్షణం పని. ఊరివాళ్లం కాబట్టి మనకిది వింతగా అనిపించదు. బయటివాళ్లకు మాత్రం, పెద్దాయన ఒకరు మట్టిని ఇంత శ్రద్ధగా నాలుకమీద వేసుకుని ఆలోచిస్తుంటే, ఏమీ చెప్పకుండానే ప్రశ్న పుడుతుంది. పైగా ఆ ప్రశ్న బయటినుంచి అతికించినది కాదు, పనిలోనిదే. దానికి జవాబు చెప్పాలంటే మొత్తం బిద్రీ సంగతి చెప్పాల్సిందే. మొదటి మూడు సెకన్లకు ఇంతకంటే మంచి సరుకు బీదర్‌లో నాకు కనబడలేదు.

ఇప్పుడు ఆ మూడు సెకన్లను కోసి చూద్దాం. ఫోను సాధారణంగా సెకనుకు ముప్పై ఫ్రేములు తీస్తుంది. అంటే మన చేతిలో ఉన్నవి తొంభై ఫ్రేములు.

తీసేటప్పుడు పెద్దాయన డబ్బా మూత తీయడం, లోపలికి చెయ్యి పెట్టడం, మట్టిని వేళ్ల మధ్య నలపడం అన్నీ తీయండి. కోసేటప్పుడు అవన్నీ వదిలేయండి. మొదటి ఫ్రేములో చిటికెడు మట్టి పట్టుకున్న వేళ్లు అప్పటికే సగం దూరం పైకి లేచి ఉండాలి. చెయ్యి కదులుతూ ఉండాలి. ఆగి ఉన్న చెయ్యి ఫొటోలా కనబడుతుంది. మొదటి ఇరవై ఫ్రేముల్లో వేళ్లు పెదవుల దాకా రావాలి. ఇరవై నుంచి నలభై అయిదు మధ్య మట్టి నాలుకకు తగలాలి. ఇక్కడ షాట్ మార్చకండి. మధ్యలో కోస్తే నిజంగా వేసుకున్నాడా, నటించాడా అన్న అనుమానం వస్తుంది. చెయ్యి, పెదవులు, కళ్లు ఒకే షాట్‌లో ఉండేలా, ఛాతీ నుంచి నుదుటి దాకా పట్టండి.

మిగిలిన నలభై అయిదు ఫ్రేములు ఏమీ జరగనివ్వకండి. ఈ మాట చాలామందికి నచ్చదు. ఒకటిన్నర సెకను వదిలేస్తే చూసేవాడు వెళ్లిపోడా అంటారు. వెళ్లడు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగడం లేదన్నది మన భ్రమ. పెద్దాయన కళ్లు పక్కకు తిరిగి నాలుక మీద మనసు పెట్టి నిర్ణయం తీసుకుంటున్నారు. మనిషి ముఖం మీద నిర్ణయం తయారవుతుంటే చూసేవాడు దాని ఫలితం కోసం ఆగుతాడు. ఆయన తల ఊపి "సరే" అనబోయే ముందు కోసేయండి. తొంభయ్యో ఫ్రేములో ఆ తల ఇంకా కదలకూడదు. ఊపిన షాట్‌ను ఆరో సెకను, ఏడో సెకను దగ్గర పెట్టుకోండి. అక్కడ ఒక ప్రశ్న తీరుతుంది, అప్పటికి మట్టి నీళ్లలో పడుతూ రెండో ప్రశ్న మొదలవుతుంది.

ఈ కోతలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తప్పక గమనించుకోండి. నాలుక మీద వేసుకునేది పొడిమట్టి మాత్రమే. నవాసాగరం కలిపిన నీళ్లను ఎవరూ రుచి చూడరు, మైలుతుత్తం అయితే విషం. మట్టి రుచి చూసిన షాట్ పక్కనే మరుగుతున్న మిశ్రమం షాట్ పెడితే, ఆయన ఆ మిశ్రమాన్నే రుచి చూశారని అర్థం వచ్చేస్తుంది. మీరు అబద్ధం చెప్పకపోయినా కోత అబద్ధం చెబుతుంది. చూసి ఏ పిల్లవాడైనా అనుకరిస్తే ఆ పాపం మనదే. కాబట్టి ఈ రెండు షాట్ల మధ్య పొడిమట్టిని గుడ్డలో జల్లించడమో, గిన్నెలో పోయడమో ఒకటి పెట్టండి, మట్టి మాత్రమే రుచి చూస్తారని నోటితో కూడా చెప్పండి. అది మూడు సెకన్ల తర్వాత వచ్చే మాట కాబట్టి తొందర లేదు.

అనుమతి సంగతి కూడా ఇక్కడే. ముసలాయన నోట్లో మట్టి వేసుకుంటున్న దృశ్యాన్ని ఎవరైనా ఎగతాళికి వాడుకోవచ్చు. "చాచా, మీరు మట్టి చూసేటప్పుడు దగ్గర్నుంచి తీస్తాను, ఆ ముక్కే ముందు పెడతాను, పెట్టొచ్చా?" అని విడిగా అడగండి. దుకాణంలో వీడియో తీసుకోమని ఒప్పుకున్నారంటే దీనికీ ఒప్పుకున్నట్టు కాదు. కోసిన మూడు సెకన్లను ఫోనులో ఆయనకే ముందు చూపించండి. "మట్టి తింటున్న తాత" లాంటి రాతలు దాని మీద వేయకండి. ఆయన తినడం లేదు, పరీక్ష చేస్తున్నారు.

ఆయన వద్దంటే వద్దు. అప్పుడు రెండో దారి ఉంది: కడిగే షాట్. నల్లబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కళ్లముందు తటాలున జరిగిపోయేది కాదు, అందుకే దాన్ని మూడు సెకన్లలో చూపించాలని వేగం పెంచకండి. పెంచితే యంత్రం చేసిన మాయలా ఉంటుంది. కానీ మట్టి పూసిన వస్తువును నీళ్లలో పెట్టి బొటనవేలితో తుడిచే క్షణం నిజంగానే తటాలున జరుగుతుంది. వేలు జరిగిన మేర నలుపు, దాని నడుమ వెండి తీగ. మొదటి ఫ్రేములో వేలు మట్టి మీద ఉండాలి, తొంభయ్యో ఫ్రేముకు పువ్వులో ఒక్క రెక్క మాత్రమే బయటపడాలి. మొత్తం పువ్వు కనబడిందంటే ఆలస్యంగా కోసినట్టు. మొదటిసారే అసలు సరుకు మీద ప్రయత్నించకండి. పనివాళ్ల దగ్గర పోత సరిగ్గా రాక పక్కన పడేసిన ముక్క ఒకటి అడిగి, దానిమీద వెలుతురు, దూరం సరిచూసుకోండి.

ఇక మాట్లాడకండి అన్న సలహాకు వద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

బీదర్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ ఏడు నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇటు జహీరాబాదు, నారాయణఖేడ్ తెలంగాణలో ఉన్నాయి, అటు మహారాష్ట్ర సరిహద్దు. మా వీధిలో కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినబడతాయి. మీరు తెలుగులో వీడియో చేసినా, మొదట అది చేరేది ఈ నాలుగు భాషల మనుషులకు కలిపి. మొదటి సెకనులోనే తెలుగు వినబడితే మిగతా ముగ్గురూ ఇది తమది కాదని తోసేస్తారు. చెయ్యి, మట్టి, ముఖం మాత్రమే ఉంటే నలుగురూ ఆగుతారు. మూడో సెకను తర్వాత తెలుగు మొదలైనా, అప్పటికే ప్రశ్న మనసులో పడింది కాబట్టి భాష రానివాళ్లలోనూ కొందరు చూస్తూనే ఉంటారు.

తెలుగువాళ్లకు మాత్రమే చేసినా ఈ సలహా నిలుస్తుంది. మన వాక్యంలో అసలు విషయం చివరి క్రియలో ఉంటుంది. "కోట లోపలి నుంచి తెచ్చిన ఈ మట్టిని నవాసాగరంతో కలిపి నీళ్లలో వేడిచేసి పట్టిస్తే వస్తువు నల్లబడుతుంది" అని మామూలు వేగంతో గడియారం పెట్టుకుని చదివి చూడండి. మూడు సెకన్లకు "నవాసాగరంతో" దగ్గర ఉంటారు. ఏం జరుగుతుందన్నది ఇంకా రాలేదు. అందరికీ నమస్కారం చెప్పి, ఛానల్ పేరు చెప్పి, ఈరోజు మనం అని మొదలుపెట్టేసరికే ఆ మూడు సెకన్లు అయిపోతాయి. నమస్కారం మర్యాద; దాన్ని వదలమనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఎదుటి మనిషి ఇంకా లోపలికే రాలేదు. వచ్చాక, నాలుగో సెకనులో చెప్పండి. ఆ మొదటి మాట కూడా చిన్న వాక్యమై ఉండాలి: "ఈ మట్టి పనికొస్తుందా లేదా, నాలుకే చెప్పాలి." క్రియ తొందరగా వచ్చేసింది, ప్రశ్నా ఉంది.

మాట లేదంటే నిశ్శబ్దమని కాదు. పక్కన ఇంకొకరు ఉలి కొడుతున్న చప్పుడు వినబడనివ్వండి. లోహం మీద చిన్న సుత్తి పడే ఆ టక్ టక్ ఏ పాట కంటే స్పష్టంగా ఇది పనిచేసే చోటు అని చెబుతుంది. ట్రెండింగ్ పాట పెట్టకండి. వేలమంది వీడియోల కింద విన్న పాట మొదలవగానే, చూసేవాడి చెవి మీ వీడియోను కూడా ఆ వేలల్లో వేసేస్తుంది. ఫ్యాను ఆపించి తీయండి, లేకపోతే సుత్తి చప్పుడు దాని హోరులో కలిసిపోతుంది. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ధ్వని మెల్లగా పెరిగేలా ఫేడ్ పెట్టుకునే వీలు ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. మొదటి సుత్తి దెబ్బ మొదటి అయిదు ఫ్రేముల్లోనే పూర్తి బలంతో పడాలి.

తెర మీద రాతల సంగతి క్లుప్తంగా. మొదటి సెకనులో ఏమీ రాయకండి. చదవడం మొదలుపెట్టిన కన్ను చేతిని చూడదు. రెండో సెకనులో, ఫోను శబ్దం ఆపి చూసేవాళ్ల కోసం, "ఎందుకు రుచి చూస్తున్నారు?" అన్నంత మాట చాలు. లావుపాటి అక్షరాలు వాడండి, కానీ పంక్తుల మధ్య చోటు వదలండి, ఎందుకంటే మన వత్తులూ గుడులూ ఒకదానికొకటి తగిలితే చిన్న తెరలో ముద్దగా మారతాయి. కుడి అంచున లైకు, షేరు గుర్తులు వస్తాయి, కింద ఛానల్ పేరూ శీర్షికా వస్తాయి. ఆ రెండు చోట్లా అక్షరాలు గానీ, మట్టి పట్టుకున్న చెయ్యి గానీ పడకూడదు. నిలువు తెరలో నడుమకు కొంచెం పైన, ఎడమవైపు జరిపి ముఖాన్ని పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

ఊరి పేరు, కోట చరిత్ర, బహమనీలు, మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా, భౌగోళిక గుర్తింపు, 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి వచ్చిన పద్మశ్రీ, ఇవన్నీ మనకు గర్వం. అన్నీ చెప్పండి, ఇరవయ్యో సెకను తర్వాత. గర్వాన్ని పంచుకోవాలంటే ఎదుటివాడికి ముందు పని మీద గౌరవం కలగాలి. కోటను దూరం నుంచి చూపించే షాట్‌తో మొదలుపెడితే ఫోను తెర మీద అది గోడ, ఆకాశం, అంతే.

వెలుతురు తగ్గించమన్నది ఎందుకంటే, నలుపును చూస్తే ఫోను కెమెరా పొరబడుతుంది. తెరలో ఎక్కువ భాగం నల్లగా ఉంటే దృశ్యం చీకటిగా ఉందనుకుని తనంతట తానే వెలుగు పెంచేస్తుంది. దాంతో బిద్రీ నలుపు వెలిసిన బూడిద రంగవుతుంది, వెండి తీగ ఉబ్బి తెల్లటి మరకలా పాకుతుంది. తార్‌కషీ పనిలో ఉన్న సన్నదనమంతా అక్కడే పోతుంది. తెర మీద వెండి తీగ ఉన్న చోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకసూ, వెలుగూ బిగుసుకుంటాయి. తర్వాత సూర్యుడి గుర్తును కిందికి లాగండి. వెండి గీతల అంచులు పదునుగా తేలేదాకా లాగండి, గది చీకటైనా ఫరవాలేదు. మట్టి రుచి చూసే షాట్‌లోనూ ఇంతే: ముఖానికి ఒకవైపు గుమ్మం నుంచి వెలుతురు పడనిచ్చి, రెండోవైపు నీడను ఉండనివ్వండి. వెనక అల్మరాలో వరసగా పెట్టిన సరుకు ఆ నీడలో మునిగిపోతుంది, కంటికి చెయ్యీ ముఖమూ మాత్రమే మిగులుతాయి.

దుకాణంలో ట్యూబులైటో, చవక ఎల్‌ఈడీయో ఉంటే వీడియోలో సన్నటి చారలు పైకీ కిందికీ జారుతుంటాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగొస్తుంది, ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/50 గానీ 1/100 గానీ పెట్టుకునే వీలుంటే చారలు పోతాయి. లేకపోతే ఫోను సెట్టింగుల్లో 50 Hz ఎంచుకోవచ్చేమో చూడండి. అదీ లేకపోతే దీపం ఆర్పేసి గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. నున్నటి నల్ల లోహం మీద ఈ చారలు ముఖం మీదకంటే బాగా కనబడతాయి, కాబట్టి కడిగే షాట్ తీసేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఇప్పుడు వెళ్లిపోయేవాళ్ల సంగతి. ముందు లెక్కలు అర్థం చేసుకోవాలి. ఫేస్‌బుక్ చాలాకాలంగా మూడు సెకన్లు చూస్తేనే వీడియో చూసినట్టు లెక్కవేసింది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో కదలడం మొదలైతే చాలు వ్యూ పడుతుంది. కాబట్టి మీ షార్ట్ కింద కనబడే పెద్ద అంకె మొదటి మూడు సెకన్ల గురించి ఏమీ చెప్పదు. దాన్ని చూసి సంతోషపడకండి, బాధపడకండి. చూడాల్సినవి రెండు. ఒకటి, యూట్యూబ్ స్టూడియోలో కనబడే లెక్క: ఎదురుపడ్డవాళ్లలో ఎందరు ఆగారు, ఎందరు తోసేశారు. రెండోది, ఏ సెకనులో ఎందరు మిగిలారో చూపించే గీత.

ఈ రెండిట్లో మొదటిదాని వెనకే అందరూ పరుగెత్తుతారు. తోసేసేవాళ్లను తగ్గించడం తేలికే. పెద్దగా అరవండి, "చివరిదాకా చూడకపోతే నష్టపోతారు" అని రాయండి, కొందరు ఆగుతారు. కానీ గీతను చూడండి. నాలుగో సెకను, అయిదో సెకను దగ్గర నిట్టనిలువునా పడుతుంది, ఎందుకంటే ఆగినవాళ్లు బిద్రీ కోసం ఆగలేదు. దీనికంటే, ఎక్కువమంది తోసేసినా ఆగినవాళ్ల గీత దాదాపు సమంగా సాగే వీడియో మేలు. ఆ మిగిలినవాళ్లు చేతిపని మీద ఇష్టం ఉన్న మనుషులు. వాళ్లే రెండోసారి చూస్తారు, ఇంకొకరికి పంపుతారు, దుకాణం ఎక్కడ అని అడుగుతారు. గీత మొదట్లో నూరు శాతం దాటి కనబడితే కంగారుపడకండి. వీడియో అయిపోయి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు రెండోసారి చూసినవాళ్లు అందులో కలుస్తారు.

గీత ఎక్కడ పడిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి సెకను లోపలే పడితే మొదటి ఫ్రేము అర్థం కాలేదని: చెయ్యి దూరంగా ఉంది, లేదా వెలుతురు మరీ తగ్గి మట్టి కనబడలేదు, లేదా చెయ్యి ఇంకా కదలలేదు. రెండో సెకను దగ్గర పడితే చాలావరకు మీరు అక్కడ వేసిన రాత ముఖాన్ని కప్పేసి ఉంటుంది. నాలుగో సెకను దగ్గర పడితే తప్పు మొదటి మూడు సెకన్లలో లేదు, తర్వాతి షాట్‌లో ఉంది. మట్టి గురించి అడిగించి మీరు కోటను చూపించారు. కోటను తీసేసి జల్లించిన మట్టి గిన్నెలో పడే షాట్ పెట్టండి, ఆరంభాన్ని ముట్టుకోకండి.

ఒక హద్దు మాత్రం ఒప్పుకోవాలి. ఇదంతా పనిని చూపించే వీడియోకు. దుకాణదారు సరుకు అమ్మడానికి వీడియో పెట్టమని అడిగితే, కొనేవాడికి మొదట వస్తువూ, ఎంత ఎత్తుందో తెలిసేలా పక్కన ఒక చెయ్యీ, ధరా కావాలి. అక్కడ మట్టితో మొదలుపెడితే కొనుక్కోవడానికి వచ్చినవాడి సమయం తీసుకున్నట్టే. ఆ రెండు రకాల వీడియోలను కలపకండి.

రెండు ఆరంభాల మధ్య తేల్చుకోలేకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లో ట్రయల్ రీల్స్ అన్న సదుపాయం ఉంది. మీ ఖాతాకు అది వస్తే వాడుకోండి. అది వీడియోను ముందు మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే చూపిస్తుంది. మనకు కావలసింది అదే, ఎందుకంటే బంధువులూ స్నేహితులూ మీ పేరు చూసి ఆగుతారు, మట్టిని చూసి కాదు. ఒకే వీడియోను, మొదటి తొంభై ఫ్రేములు మాత్రం మార్చి, రెండుగా పెట్టండి: ఒకటి నాలుకతో, ఒకటి కడిగే వేలితో. మిగతాది, శబ్దంతో సహా, ఒక్క ఫ్రేము కూడా మారకూడదు. లేకపోతే ఏది ఎందుకు పనిచేసిందో చెప్పలేరు. ఒకే రోజు, ఒకే పూట పెట్టండి. గీతలు పక్కపక్కన పెట్టి మూడో సెకను దగ్గర కాదు, పదో సెకను దగ్గర ఎందరు మిగిలారో పోల్చండి. నాలుకతో మొదలైనది అక్కడ వెనకబడితే, ఆరంభాన్ని పారేయకుండా తల ఊపే షాట్‌ను పదిహేను ఫ్రేములు ముందుకు జరిపి ఇంకొకసారి పెట్టి చూడండి. చాచా జవాబు కోసం జనాన్ని మరీ ఎక్కువసేపు నిలబెట్టి ఉంటారు.